హెయిర్ స్పా... రంగుకు ముందా, తర్వాతా?

పార్లర్‌లో కుర్చీలో కూర్చుని, మెడకు తువ్వాలు చుట్టించుకున్నాక వచ్చే ప్రశ్న ఇది. "అక్కా, ఎలాగూ కలర్ వేయించుకుంటున్నారు కదా, స్పా కూడా చేసేయనా? ప్యాకేజీలో తక్కువలో వస్తుంది." "ముందు చేస్తావా, తర్వాత చేస్తావామ్మా?" అని అడిగితే, "ఎప్పుడైనా ఒకటే అక్కా, జుట్టుకి మంచిదే" అంటారు. చాలామంది సరేనని తలూపేస్తారు. నెల తిరిగేసరికి కణతల దగ్గర తెల్లవెంట్రుకలు రంగు పట్టకుండా మిగిలిపోయాయనో, చివళ్లలో రంగు రెండు తలస్నానాలకే దిగిపోయిందనో, స్పా చేయించినా జుట్టు పీచులాగే ఉందనో బాధపడతారు. ముందు చేస్తే ఒక ఫలితం, తర్వాత చేస్తే ఇంకో ఫలితం. అదే రోజు రెండూ కలిపి చేస్తే చాలాసార్లు డబ్బు దండగ. ఎందుకో తెలియాలంటే, రంగు వేసినప్పుడు వెంట్రుకలో ఏం జరుగుతుందో ముందు చూడాలి.

వెంట్రుక పైభాగం పెంకుటింటి కప్పు లాంటిది. సన్నని పొలుసులు ఒకదాని మీద ఒకటి వాలి, కుదురు నుంచి చివరి వైపుకు పరుచుకుని ఉంటాయి. కుదురు దగ్గర ఇవి 6 నుంచి 10 వరసలుంటాయి. చివరికి వచ్చేసరికి దువ్వెనకు, తువ్వాలుకు, ఎండకు అరిగి తగ్గిపోతాయి. ఈ పొలుసుల మీద పుట్టుకతో వచ్చిన సన్నని కొవ్వు పొర ఒకటుంటుంది. జుట్టు నున్నగా జారడానికీ, నీళ్లు పడితే వెంటనే పీల్చేసుకోకపోవడానికీ ఆ పొరే కారణం. పొలుసుల కింద ఉన్న భాగం కెరటిన్ అనే ప్రోటీన్‌తో అల్లుకుని ఉంటుంది. జుట్టుకు బలమూ, సాగే గుణమూ, సహజమైన నలుపూ అక్కడివే.

తెల్లవెంట్రుకలను కప్పే పర్మనెంట్ రంగుల్లో ఎక్కువ వాటికి రెండు భాగాలుంటాయి. ఒకటి రంగు క్రీము, రెండోది డెవలపర్, అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్. మన పార్లర్లలో "ట్వంటీ వాల్యూమ్" అనేది 6 శాతం పెరాక్సైడ్. తెల్లజుట్టు కప్పడానికి ఎక్కువగా వాడేది అదే. క్రీములోని అమ్మోనియాగానీ, దాని బదులు వేసే ఇంకో క్షారంగానీ వెంట్రుకను ఉబ్బించి పొలుసులను లేపుతుంది. ఆ సందుల్లోంచి రంగులేని చిన్న చిన్న అణువులు లోపలికి దూరతాయి. పెరాక్సైడ్ తగలగానే అవి ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై రంగు తేలతాయి. పెద్దవైపోయాయి కాబట్టి వచ్చిన దారిన సులువుగా బయటికి పోలేవు. దీనికంతా అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది.

దీనికి జుట్టు ఇచ్చుకునే మూల్యం ఆ కొవ్వు పొర. క్షారం, పెరాక్సైడ్ కలిసి దాన్ని చాలావరకూ తీసేస్తాయి. అది మళ్లీ పుట్టదు, ఎందుకంటే తల బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు. రంగు వేసుకున్న జుట్టు తడిస్తే బరువెక్కడం, ఆరడానికి ఎక్కువసేపు పట్టడం, దువ్వెనకు అడ్డుపడడం అందుకే. అమ్మోనియా లేదని రాసిన రంగుల్లోనూ చాలావాటిలో వేరే క్షారం, పెరాక్సైడ్ రెండూ ఉంటాయి. వాసన రాదు గానీ పని అదే. "అమ్మోనియా ఫ్రీ కదా, జుట్టుకేం కాదు" అన్న ధైర్యం వద్దు.

ఇప్పుడు స్పా సంగతి. పేరు ఎంత ఘనంగా ఉన్నా, హెయిర్ స్పాలో జరిగేది ఇంతే. షాంపూతో తలంటి, చిక్కటి క్రీము పాయలుపాయలుగా రాసి, పది పదిహేను నిమిషాలు మర్దన చేసి, కాసేపు ఆవిరి పట్టి, కడిగేస్తారు. ఆ క్రీము డీప్ కండిషనరే. డబ్బా వెనక చూడండి. సెటియరిల్ ఆల్కహాల్, బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్, డైమెథికోన్ లాంటి పేర్లు కనిపిస్తాయి. మొదటిది మెత్తదనం ఇచ్చే మైనం లాంటి కొవ్వు, మూడోది నున్నదనం ఇచ్చే సిలికాన్. అసలు పనివాడు రెండోది. దానికి ధనావేశం ఉంటుంది. దెబ్బతిన్న వెంట్రుక మీద రుణావేశం ఎక్కువ. అందుకే ఎక్కడ ఎక్కువ దెబ్బతింటే అక్కడికే వెళ్లి అతుక్కుంటుంది. కడిగినా పూర్తిగా పోకుండా పల్చని పూతలా నిలుస్తుంది. ఇంట్లో మంచి కండిషనర్ మాస్క్ రాసి, షవర్ క్యాప్ పెట్టి, వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు పావుగంట చుట్టుకుంటే పార్లర్ స్పాకు పెద్ద తేడా రాదు. రాత్రంతా ఉంచుకుంటే ఇంకా బాగా పనిచేస్తుందన్నది కూడా నిజం కాదు. అతుక్కోవలసింది మొదటి పావుగంటలోనే అతుక్కుంటుంది.

ప్రోటీన్ ట్రీట్‌మెంట్ దారి వేరు. ఇందులో కెరటిన్‌నో, గోధుమ ప్రోటీన్‌నో, పట్టు ప్రోటీన్‌నో ముక్కలుముక్కలుగా విరిచి కలుపుతారు. డబ్బా మీద "హైడ్రోలైజ్డ్" అని ఉండేది అందుకే. బాగా చిన్న ముక్కలు పొలుసుల సందుల్లోంచి కొంత లోపలికి వెళతాయి, పెద్దవి పైన పొరలా నిలుస్తాయి. జుట్టు కాస్త గట్టిపడి, తడిగా ఉన్నప్పుడు దువ్వినా తెగడం తగ్గుతుంది. కొన్ని తలస్నానాలకు ఆ ప్రోటీన్ కొట్టుకుపోతుంది. పోయిన కెరటిన్ మళ్లీ తిరిగి కట్టడం మాత్రం జరగదు. ఇంట్లో తలకు పట్టించే కోడిగుడ్డుతో ఈ పని కాదు. గుడ్డులోని ప్రోటీన్ అణువులు మరీ పెద్దవి, వెంట్రుకలోకి దూరలేవు. పైగా వేడినీళ్లతో కడిగితే గుడ్డు జుట్టులోనే ఉడికి అంటుకుపోతుంది.

ఇక్కడ ఒక పేరు దగ్గర జాగ్రత్తపడాలి. పార్లర్లలో "కెరటిన్ చేయించుకోండి" అని వేలకు వేలు తీసుకుని చేసేది చాలాసార్లు ఈ ప్రోటీన్ ట్రీట్‌మెంట్ కాదు. అది జుట్టును సాఫు చేసే రసాయన పద్ధతి. ఫార్మాల్డిహైడ్ వదిలే ద్రావణమో, గ్లైఆక్సిలిక్ యాసిడో రాసి, బాగా వేడిచేసిన ఐరన్‌తో లాగుతారు. ఆ వేడికీ ఆ ఆమ్లానికీ వేసిన రంగు ఒకటి రెండు ఛాయలు తేలిపోవచ్చు. కాబట్టి అది చేయించుకునే ఉద్దేశం ఉంటే ముందు అదే కానిచ్చి, రెండు వారాలు ఆగి రంగు వేయించుకోవాలి. కళ్లు మండినా, గొంతు పట్టినా అక్కడి నుంచి లేచి వచ్చేయాలి. ఈ వ్యాసంలో ఇకపై ప్రోటీన్ అంటే మాత్రం రాసి, కాసేపు ఉంచి, కడిగేసే మామూలు మాస్కే.

ముందు, తర్వాత అన్న ప్రశ్నకు వద్దాం.

రంగు వేసే రోజున, అంతకు ముందు రోజున స్పా వద్దు. మొదటి కారణం మాడు. తలలో సహజంగా ఊరే జిడ్డు రంగు మంట నుంచి చర్మాన్ని కాస్త కాపాడుతుంది. స్పాలో షాంపూతో రుద్ది, గోళ్లతో మర్దన చేసి, ఆవిరి పట్టాక ఆ జిడ్డు పోతుంది, చర్మం ఎర్రబడి సున్నితమవుతుంది. దాని మీద క్షారం, పెరాక్సైడ్ పడితే మంట ఖాయం. రెండో కారణం పూత. మామూలు కండిషనర్ మిగిల్చే పల్చని పూత రంగుకు పెద్దగా అడ్డం కాదు. కానీ చిక్కటి స్పా క్రీము, దాని మీద నిగారింపు కోసం రాసే సీరమ్, ఇంటికెళ్లాక పెట్టుకునే నూనె అన్నీ కలిస్తే, ముందే మొండిగా ఉండే కణతల తెల్లజుట్టు మీద రంగు మచ్చలుమచ్చలుగా పడుతుంది. తెల్లవెంట్రుక ముతకగా, నున్నగా ఉండి రంగును త్వరగా తీసుకోదు. దానికి అడ్డంకులు పెంచకూడదు.

మరి ముందు ఏమీ చేయకూడదా? చేయాలి. కాకపోతే వారం ముందు చేయాలి, కుదుళ్లకు కాదు, చివళ్లకు చేయాలి. రంగు పాడయ్యేది ఎక్కువగా అక్కడే. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పద్దెనిమిది అంగుళాల జుట్టంటే 45 సెంటీమీటర్లు. అంటే దాని చివర వయసు నాలుగేళ్లకు దగ్గర. ఆ నాలుగేళ్లలో పొలుసులు అరిగి, అక్కడక్కడా ఊడిపోయి, చివళ్లు రంధ్రాలు పడ్డట్టు ఉంటాయి. అలాంటి చోట రంగు క్షణాల్లో పీల్చుకుపోయి మరీ నల్లగా కనిపిస్తుంది, అంతే వేగంగా రెండు మూడు తలస్నానాల్లో కారిపోతుంది. కుదుళ్లు గోధుమ రంగు, చివళ్లు బొగ్గు నలుపు, నెలకల్లా చివళ్లు తుప్పు ఎరుపు అవుతున్నాయంటే దాని అర్థం ఇదే. వారం ముందు చివళ్లకు ప్రోటీన్ మాస్క్ వేస్తే ఆ ఖాళీలు కొంత పూడుకుని రంగు కాస్త సమంగా పడుతుంది. రంగు దెబ్బ నుంచి అది కవచంలా కాపాడుతుందని మాత్రం అనుకోకండి.

ప్రోటీన్ మీ జుట్టుకు కావాలా వద్దా అని తేల్చుకోవడానికి బ్యూటీషియన్లు చేసే చిన్న పరీక్ష ఉంది. తలస్నానం చేశాక దువ్వెనలో రాలిన తడి వెంట్రుక ఒకటి తీసుకోండి. రెండు చివరలూ వేళ్లకు చుట్టి మెల్లగా లాగండి. కొంత సాగి, వదలగానే వెనక్కి వస్తే బాగానే ఉంది, ఏ ప్రోటీనూ అక్కర్లేదు, కండిషనర్ చాలు. లాగిన కొద్దీ సాగుతూ పోయి, వదిలినా వెనక్కి రాకుండా వేలాడితే లోపలి అల్లిక దెబ్బతింది, ప్రోటీన్ వేయవచ్చు. అసలు సాగకుండా టప్‌మని తెగితే అది పొడిబారింది, లేదా ఇప్పటికే ప్రోటీన్ ఎక్కువైంది. దానికి మళ్లీ ప్రోటీన్ వేస్తే చీపురు పుల్లలా బిగుసుకుని ఇంకా తెగుతుంది. అప్పుడు కావలసింది మెత్తబరిచే డీప్ కండిషనింగే. నాలుగైదు వెంట్రుకలతో చూడండి, ఒక్క దానితో తేల్చకండి. తల పైభాగానివి ఒకలా, చివళ్లు ఇంకోలా ఉండడం మామూలే.

రంగుకు ముందు చేసుకోవలసిన ఇంకో పని గురించి పార్లర్లలో దాదాపు ఎవరూ చెప్పరు. నా దృష్టిలో మన ఊళ్లకు స్పా కంటే అదే ముఖ్యం. అది నీళ్ల సంగతి. హైదరాబాద్ శివారు అపార్ట్‌మెంట్లలో గానీ, బోరు నీళ్లే దిక్కైన మరెన్నో ఊళ్లలో గానీ, బకెట్ అంచున తెల్లటి గార కట్టే నీళ్లతోనే తలంటుకుంటాం. ఆ కాల్షియం, మెగ్నీషియం వెంట్రుకకూ పట్టుకుంటాయి. వాటితో పాటు గీజర్ల నుంచీ గొట్టాల నుంచీ వచ్చే రాగి కూడా కొద్దికొద్దిగా చేరుతుంది. రాగి ఉన్నచోట పెరాక్సైడ్ పడితే మామూలు కంటే తీవ్రంగా విరిగి, కెరటిన్‌ను ఎక్కువ దెబ్బతీస్తుందని హెయిర్ కలర్ కంపెనీల శాస్త్రవేత్తలే పరిశోధనలు చేసి చూపించారు. మంచి రంగుల్లో ఈ లోహాలను పట్టి ఉంచే ఈడీటీఏ లాంటి పదార్థాలు కలపడానికి కారణం అదే. రంగుకు రెండు మూడు రోజుల ముందు, డబ్బా మీద ఈడీటీఏ పేరున్న క్లారిఫయింగ్ లేదా చీలేటింగ్ షాంపూతో ఒకసారి తలంటుకుంటే ఈ గార చాలావరకూ వదులుతుంది. చివరి కడుగుకు ఆర్‌ఓ నీళ్లు ఒక చెంబు వాడినా మేలే. ఈ షాంపూ తరచూ వాడితే జుట్టు పొడిబారుతుంది, నెలకొకసారి చాలు.

ఇక తర్వాత. రంగు కడిగిన వెంటనే చేయాల్సింది స్పా కాదు, పెట్టెలో ఇచ్చే చిన్న ట్యూబు. దాన్ని చాలామంది పారేస్తారు, లేదా తర్వాతకని దాచిపెడతారు. అది కాస్త ఆమ్లగుణం ఉన్న కండిషనర్. క్షారంతో ఉబ్బిన వెంట్రుకను మళ్లీ మామూలు స్థితికి తెచ్చి, లేచిన పొలుసులను వాలేలా చేస్తుంది. ఆ సమయంలో జుట్టు మీద రుణావేశం ఎక్కువగా ఉంటుంది కాబట్టి కండిషనర్ ఎన్నడూ లేనంత బాగా పట్టుకునేది కూడా అప్పుడే. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, నీళ్లు పిండేసి, రెండు నుంచి ఐదు నిమిషాలు ఉంచి, గోరువెచ్చని నీళ్లతో కడిగితే చాలు. ఆవిరి అక్కర్లేదు. రంగు రోజునే "కలర్ ప్రొటెక్ట్ స్పా" అని విడిగా డబ్బు తీసుకుంటే, ఈ ట్యూబు చేసే పనికి ఇంకాస్త మర్దన కలిపి అమ్ముతున్నారని అర్థం.

ఆ తర్వాత రెండు మూడు రోజులు తల తడపకండి. రంగును తీసేసేది షాంపూయేనని అందరం అనుకుంటాం గానీ, నీళ్ల పాత్రే ఎక్కువ. తడిసిన ప్రతిసారీ వెంట్రుక ఉబ్బుతుంది, సరిగ్గా ఇరుక్కోని రంగు అణువులు ఆ ఉబ్బులో బయటికి జారుతాయి. మొదటి కొన్ని కడుగుల్లోనే ఎక్కువ పోతుంది. నీళ్లు ఎంత వేడిగా ఉంటే ఈ పని అంత చురుగ్గా సాగుతుంది. ఆవిరి పట్టే పార్లర్ స్పా వెంటనే వద్దనడానికి కారణం ఇదే. రంగు వేసిన వారం పది రోజులకు చేయించుకుంటే నష్టం లేదు. ఆలోపు జుట్టు మరీ గరుకుగా అనిపిస్తే, మొదటి తలస్నానంలోనే వేడి లేకుండా మాస్క్ రాసి పది నిమిషాలు ఉంచుకోవచ్చు. బ్లీచ్ చేసి పైన నీలమో, ఎరుపో, గులాబీయో పూసుకునే ఫ్యాషన్ రంగులకు ఇంకా జాగ్రత్త కావాలి. అవి లోపల కలిసి పెద్దవయ్యే రకం కాదు, పట్టుకుని మాత్రమే ఉంటాయి. ఆవిరి స్పా ఒక్కటి చాలు వాటిని తువ్వాలు మీదికి దింపడానికి.

రంగు తర్వాత ప్రోటీన్ ఎవరికి? ఒకటి రెండు ఛాయల తేడాతో తెల్లజుట్టు కప్పుకున్నవారికి సాధారణంగా అవసరం పడదు. హైలైట్స్ కోసం బ్లీచ్ చేయించుకున్నవారికి అవసరం పడుతుంది. బ్లీచ్‌లో కెరటిన్‌ను కట్టి ఉంచే గంధకపు బంధాల్లో నాలుగో వంతు దాకా తెగిపోతాయి, బాగా లేత రంగు దాకా లాగితే అంతకు మించి. అలాంటి జుట్టుకు వారం తర్వాత ఒక ప్రోటీన్ మాస్క్, దాని వెనకే మెత్తటి కండిషనర్, ఆపైన మూడు నాలుగు వారాలు కండిషనింగ్ మాత్రమే. ప్రతి వారం ప్రోటీన్ వేయడం పొరపాటు.

ఇదంతా ఒక క్యాలెండర్‌లో పెట్టి చూద్దాం. నలభై అయిదేళ్ల ఆవిడ. నడుముకు కాస్త పైదాకా, పద్దెనిమిది అంగుళాల జుట్టు. పాపిటలో, కణతల దగ్గర తెలుపు ఎక్కువ. మేనకోడలి పెళ్లి నెలాఖరు ఆదివారం. పెళ్లికి రెండు వారాల ముందు ఆదివారం చిట్లిన చివళ్లు ఒక అంగుళం కత్తిరించుకుని, చీలేటింగ్ షాంపూతో తలంటుకుంటారు. తడి వెంట్రుక పరీక్షలో పైభాగం బాగానే ఉంది, చివళ్లు సాగి వేలాడుతున్నాయి. అందుకని మెడ కింది నుంచి మాత్రమే ప్రోటీన్ మాస్క్, డబ్బా మీద చెప్పినంతసేపు. కడిగి, దాని మీద కండిషనర్. ఆ వారం మధ్యలో, రంగుకు కనీసం 48 గంటల ముందు, రంగు కాస్త చెవి వెనకో మోచేతి మడతలోనో రాసి చూసుకుంటారు. నల్లరంగుల్లో ఉండే పీపీడీ ఏళ్ల తరబడి పడినవారికి కూడా ఒకరోజు హఠాత్తుగా పడకపోవచ్చు. దురద, వాపు వస్తే ఆ రంగు ఇక ఎప్పటికీ వద్దు.

శనివారం మామూలు షాంపూతో తలస్నానం. కుదుళ్లకు కండిషనర్ లేదు, నూనె లేదు. పెళ్లికి వారం ముందు ఆదివారం రంగు. నుదుటి అంచున, చెవుల మీద పెట్రోలియం జెల్లీ రాసుకుని, పొడి జుట్టుకు, మొండిగా ఉండే కణతల దగ్గరే మొదలుపెట్టి, కొత్తగా పెరిగిన కుదుళ్లకు మాత్రమే రంగు. పెట్టె మీద ఉన్న సమయం పూర్తిగా ఉంచాలి, మధ్యలో తుడిచేస్తే తెలుపు మిగిలిపోతుంది. చివళ్లు వెలిసినట్టు కనిపిస్తే ఆఖరి ఐదు నిమిషాల్లో కాస్త నీళ్లు చిలకరించి, రంగును కిందికి దువ్వితే సరిపోతుంది. కడిగి, ట్యూబు కండిషనర్. బుధవారం దాకా తల తడపకూడదు. గురువారం తలస్నానం, వేడి లేకుండా మాస్క్ పది నిమిషాలు. పెళ్లికి ముందు రోజు స్పా చేయించుకునే అలవాటు చాలామందికి ఉంది, అది మానుకోవాలి. మరీ నున్నగా ఉన్న జుట్టులో పిన్నులు నిలవవు, సవరం జారుతుంది, పూలజడ బరువుకు అల్లిక వదులవుతుంది. ఆవిరి స్పా కావాలంటే పెళ్లయ్యాక, తర్వాతి వారంలో.

ఈ క్యాలెండర్‌లో అన్నిటికంటే విలువైన మాట "కుదుళ్లకు మాత్రమే" అన్నది. ఇదే ఆవిడ ప్రతి నెలా తల మొత్తానికి రంగు పట్టించారనుకోండి. నెలకు సెంటీమీటరు లెక్కన ఆ చివళ్లకు ఇప్పటికి నలభైకి పైగా సార్లు క్షారమూ పెరాక్సైడూ తగిలాయి. కుదుళ్లకే వేసుకుంటే ఒక్కో భాగానికి ఒకసారి, అంచుల్లో రెండుసార్లు తగులుతుంది. నలభై సార్లు తగిలిన చివళ్లకు నెలనెలా స్పా చేయించినా, అది ఆ నెలకు దువ్వెన తిరిగేలా చేయగలదు గానీ జరిగిన నష్టాన్ని వెనక్కి తేలేదు. పార్లర్‌లో "గ్లోబల్ చేసేద్దామా అక్కా" అని అడిగితే, "వద్దమ్మా, టచప్ చాలు" అనండి. స్పా మీద పెట్టే ఖర్చు సగానికి సగం అక్కడే తగ్గిపోతుంది.

గోరింటాకు పెట్టుకునేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. చెట్టు ఆకు రుబ్బి పెట్టుకున్నదైతే అందులోని రంగు కెరటిన్‌కే అంటుకుని ఉంటుంది, దాని మీద రసాయన రంగు వేసుకోవచ్చు, కాకపోతే అనుకున్న ఛాయ రాకపోవచ్చు. పొడి ప్యాకెట్లలో "బ్లాక్ హెన్నా" పేరుతో వచ్చేవాటిలో పీపీడీగానీ, లోహపు లవణాలుగానీ ఉండే అవకాశం ఉంది. లోహ లవణాలున్న జుట్టు మీద పెరాక్సైడ్ పడితే వేడెక్కి జుట్టు కరిగినట్టు తెగిపోవచ్చు. రాలిన వెంట్రుకలు కొన్ని పోగేసి, గాజు గిన్నెలో కొద్దిగా ట్వంటీ వాల్యూమ్ డెవలపర్‌లో అరగంట నానేసి చూడండి. గిన్నె వేడెక్కినా, బుడగలు పొంగినా, వెంట్రుకలు జిగురుగా మారినా రంగు జోలికి వెళ్లవద్దు. దాన్ని స్పాతో గానీ ప్రోటీన్‌తో గానీ సరిచేయలేరు, ఆ జుట్టు పెరిగి కత్తిరించిపోవాల్సిందే.

రంగు వేసుకున్నాక నెల పొడుగునా జుట్టును కాపాడేది మాత్రం మన వంటింట్లోనే ఉంది. కొబ్బరినూనెను తలస్నానానికి ముందు రాసుకుంటే వెంట్రుకలోంచి ప్రోటీన్ పోవడం తగ్గుతుందని 2003లో రెలే, మోహిలే అనే భారతీయ పరిశోధకులు ప్రచురించారు. మినరల్ ఆయిల్‌కు, పొద్దుతిరుగుడు నూనెకు ఆ గుణం కనిపించలేదు. బ్లీచ్ చేసిన జుట్టులో కూడా కొబ్బరినూనె పనిచేసింది. అందులోని లారిక్ ఆమ్లం చిన్నది, తిన్ననిది, అందుకే వెంట్రుక లోపలికి వెళ్లి, తడిసినప్పుడు ఉబ్బడాన్ని తగ్గిస్తుంది. వారానికి ఒకటి రెండుసార్లు, తలస్నానానికి ముందు రాత్రి, కుదుళ్ల కంటే పొడుగు మీద ఎక్కువగా రాసుకోండి. రంగు వేసుకోవడానికి ముందు వచ్చే తలస్నానం తర్వాత మాత్రం నూనె ముట్టుకోవద్దు.

ఈసారి పార్లర్‌కు వెళ్లినప్పుడు రంగుకూ స్పాకూ ఒకే రోజు ఒప్పుకోకండి. చివళ్లకు ప్రోటీన్ అవసరమైతే వారం ముందు, రంగు రోజున ట్యూబులోని కండిషనర్ మాత్రమే, ఆవిరి స్పా వారం పది రోజుల తర్వాత. మాడు మీద పుండుగానీ, గీత పడిన గాయంగానీ ఉంటే అది మానేదాకా రంగు వాయిదా వేసుకోండి.